నా మీద నేనే జోకులేసుకుంటే మొదట నవ్వారు, తర్వాత జాలిపడ్డారు. తేడా ఎక్కడ కొట్టింది?

కదిరి_నాని

అందరికీ నమస్తే. కొండాపూర్‌లో ఒక కెఫేలో ఓపెన్ మైక్ జరుగుతుంది, మొన్న మూడోసారి ఎక్కాను. ఐదు నిమిషాల స్లాట్. జనం ముప్పై, ముప్పై ఐదు మంది, అందులో సగం మంది తమ వంతు కోసం కాగితం పట్టుకొని కూర్చున్నవాళ్ళే. నాకు రాజకీయాలు రావు, సినిమావాళ్ళ మిమిక్రీ రాదు, కాబట్టి నా సరుకంతా నా మీదే. మొదటి రెండు నిమిషాలు బాగా నడిచింది. ఆ తర్వాత ఏమైందో తెలీదు, గది మొత్తం చల్లబడిపోయింది. వరస ఇదీ:

మొదట జుట్టు. "నేనూ నా జుట్టూ కలిసి అమెరికా వీసాకి అప్లై చేశాం. దానికి వచ్చింది." నవ్వారు.

తర్వాత పెళ్ళిచూపులు. అమ్మాయి వాళ్ళ తాతగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని "షుగర్ ఉందా?" అన్నారు. "కాఫీలోనా అండీ?" అన్నాను. "కాదు, మీకు" అన్నారు. ఇది గట్టిగా పేలింది.

తర్వాత నా రంగు మీద ఒకటి, కరెంటు పోతే మా అమ్మ నన్ను నవ్వమంటుందని. కొంచెం నవ్వారు.

తర్వాత ఉద్యోగం. నన్ను తీసేసిన మూడో రోజు పక్క సీటు వాడు మెసేజ్ పెట్టాడు, "టీకి వస్తావా" అని. ఉన్నప్పుడు ఒక్కసారి పిలవలేదు. ఇది నిజంగానే జరిగింది, రెండు నెలలైంది అంతే.

ఆ తర్వాత "నిజం చెప్పాలంటే నేను దేనికీ పనికిరానండీ. మా నాన్న నన్ను చూస్తే బోరు వేయించినా నీళ్ళు పడని పొలాన్ని చూసినట్టు చూస్తాడు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకు కంగారొచ్చి "చూశారా, జోకు కూడా సరిగ్గా చెప్పలేను" అన్నాను. వెనకనుంచి ఒకమ్మాయి "పర్లేదు బ్రో" అంది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విని సిగ్గుతో చచ్చాను. కిందికి దిగాక ముగ్గురు వచ్చి భుజం మీద చెయ్యేసి "అంతా బానే ఉందా?" అని అడిగారు.

ఇంతకీ నా ప్రశ్న, మనమీద మనం ఎంతవరకు వేసుకోవచ్చు? ఐదు నిమిషాల్లో ఎన్ని?

లక్ష్మి_న్యూజెర్సీ

నానీ, నిన్ను చూసి వాళ్ళు అలా నవ్వడం ఏం పద్ధతమ్మా? జుట్టు లేకపోతే తప్పా? మా అబ్బాయిని కూడా స్కూల్లో ఇలాగే ఏడిపించేవాళ్ళు, నేను వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మాట్లాడితే గానీ ఆగలేదు. నువ్వు అలాంటి చోటికి మళ్ళీ వెళ్ళకు.

కదిరి_నాని

ఆంటీ, వాళ్ళు ఏడిపించలేదు, నేనే నవ్వించడానికి వెళ్ళాను. నవ్వడం ఆపేశారని బాధ 😅

సగం_ఫ్రాయిడ్

సైకాలజీలో దీనికి జవాబు ఎప్పుడో వచ్చేసింది. 2003లో రాడ్ మార్టిన్ అనే ఆయన, ఆయనతో ఇంకొందరు, 32 ప్రశ్నలతో ఒక పరీక్ష తయారుచేశారు. హాస్యం నాలుగు రకాలన్నారు. అందులో తనను తాను కించపరుచుకునే రకం ఉన్నవాళ్ళకి దిగులు, ఆందోళన ఎక్కువ. అంటే నీమీద నువ్వు జోకేసుకోవడమే జబ్బు లక్షణం. ఎంతవరకు అనే ప్రశ్నే లేదు, సున్నా. మానెయ్.

మైకు_మావయ్య

సున్నా అయితే నేను నడిపే షోలో సగం మంది ఇంటికెళ్ళిపోవాలి.

నానీ, నేను ఎనిమిదేళ్ళుగా ఓపెన్ మైక్‌లు నడుపుతున్నాను, స్లాట్లు ఇచ్చేది నేనే, దిగిపొమ్మని లైటు వెలిగించేదీ నేనే. నీకు జరిగింది నెలకి నాలుగైదుసార్లు చూస్తాను. "ఎన్ని" అని అడగడం తప్పు ప్రశ్న అని నా ఉద్దేశం, కానీ అది తర్వాత. ముందు నీ దగ్గర రికార్డింగ్ ఉందా? ఉంటే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకొని ఒక్కో జోకుకి నవ్వు ఎన్ని సెకన్లు నడిచిందో రాసుకో. ఇంకా రెండు విషయాలు చూడు. పంచ్ పడిన వెంటనే నవ్వొచ్చిందా, ఒక క్షణం ఆగి వచ్చిందా? గది మొత్తం నవ్విందా, ఒక మూల మాత్రమేనా? మాటల్లేని శబ్దాలు కూడా విను. "అయ్యో", "ప్చ్" లాంటివి ఎక్కడ మొదలయ్యాయో అక్కడ నీ సెట్ అయిపోయినట్టే, నువ్వు ఎంతసేపు నిలబడ్డావన్నది వేరే సంగతి.

కదిరి_నాని

అన్నా, విన్నాను. మళ్ళీ వినడం నరకం అసలు. జుట్టుకి 4 సెకన్లు. షుగర్‌కి 7, మధ్యలో ఒకడు టేబుల్ కొట్టాడు కూడా. రంగు జోకుకి 2 సెకన్లు, అదీ ఎక్కువగా ఎడమపక్క మా ఫ్రెండ్స్ కూర్చున్న టేబుల్ నుంచే. టీ మెసేజ్‌కి ఒక చిన్న నవ్వు, ఆలస్యంగా, ఇకిలించినట్టు. "దేనికీ పనికిరాను" అన్నప్పుడు ఎవరో "అయ్యో" అన్నారు, అది స్పష్టంగా వినపడుతోంది. బోరు లైనుకి సున్నా. నేను అది చెప్పేటప్పటికే ఆ "అయ్యో" వచ్చేసింది, నేనప్పుడు గమనించలేదు.

మైకు_మావయ్య

ఇదీ అసలు సంగతి. నీ బోరు జోకు చెడ్డది కాదు, నిజానికి మొత్తం సెట్‌లో నాకు నచ్చింది అదే. దాని ముందు వాక్యం దాన్ని చంపేసింది.

జుట్టు జోకు, షుగర్ జోకు చూడు. వాటిలో నువ్వు ఏం జరిగిందో చెప్పావు, తీర్పు జనానికి వదిలేశావు. వినేవాడికి ఉన్న పని ఒక్కటే, నవ్వడం. "నేను దేనికీ పనికిరాను" అనగానే వాడి నెత్తిన ఇంకో పని పడింది. నవ్వితే ఒప్పుకున్నట్టు, నవ్వకపోతే నిన్ను స్టేజి మీద ఒంటరిగా వదిలేసినట్టు. "కాదు బాబూ, నువ్వు మంచోడివి" అని అరవాలంటే మొహమాటం. ఆ మూడింటిలో ఏది చెయ్యాలో తెలియక గ్లాసులోకి చూస్తాడు. ఆ "పర్లేదు బ్రో" అన్నమ్మాయి ఆ పని చేసేసింది, అందుకే అందరికీ ఊపిరొచ్చి చప్పట్లు కొట్టారు. అది నీకోసం కాదు, వాళ్ళ ఇబ్బంది తీరినందుకు.

అందుకే లెక్క కన్నా ఇది చూసుకో: జోకు అయ్యాక వినేవాడి చేతిలో ఏం మిగిలింది? ఓదార్చాల్సిన పని మిగిలితే ఒక్క జోకు కూడా ఎక్కువే. ఏమీ మిగలకపోతే ఐదు నిమిషాలూ నీమీదే వేసుకున్నా ఎవరికీ గుర్తుండదు.

టీంలీడ్_శ్రీను

అమ్మో, ఇది చదివాక నా సంగతి అర్థమైంది. మా టీంలో పద్నాలుగు మంది. నేను సరదాగా ఉంటాననుకొని మీటింగ్‌లో "నేనొక వేస్ట్ మేనేజర్‌ని, నాకు ఎక్సెల్‌లో కూడిక కూడా రాదు" అంటుంటాను. ఒక్కడు నవ్వడు. ఇద్దరు ల్యాప్‌టాప్‌లోకి చూస్తారు. పైగా అప్రైజల్ నెలలో అన్నాను.

మైకు_మావయ్య

అప్రైజల్ నెలలోనా 😂 శ్రీనూ, వాళ్ళు నవ్వితే వాళ్ళ రేటింగ్ ఏమవుతుందోనని భయం, "లేదు సార్ మీరు సూపర్" అంటే కాకాపట్టడం. ఏం చెయ్యాలి పాపం. పైవాడు తనమీద వేసుకోవాలంటే అందరూ చూసిన ఒక చిన్న పొరపాటు మీద వేసుకోవాలి, నిన్న నువ్వు మ్యూట్‌లో పది నిమిషాలు మాట్లాడినట్టు. పనితనం మీద కాదు.

క్లినిక్_పక్కన

నేను కౌన్సెలింగ్ చేస్తాను, అందుకే సగం_ఫ్రాయిడ్ గారి మాట దగ్గర ఆగాను. ఆ పరీక్ష సంగతి నిజమే, 32 ప్రశ్నలూ నిజమే. కానీ దాంట్లో అడిగేది "మీమీద మీరు జోకు వేసుకుంటారా" అని కాదండి. ఎదుటివాళ్ళు మెచ్చుకోవాలని తనను తాను మితిమీరి తక్కువ చేసుకోవడం, లోపల బాధ ఉంటే నవ్వుతో దాన్ని కప్పెయ్యడం, ఇలాంటివి అడుగుతారు. అదే పరిశోధకులు, నలుగురిని దగ్గర చేసే హాస్యంలో కూడా మనమీద మనం కొద్దిగా వేసుకునేది ఉంటుందని రాశారు. ఇంకోటి, దిగులుతో సంబంధం కనపడింది అంటే జోకు వల్ల దిగులొచ్చిందనీ కాదు, జోకేసినవాడికల్లా దిగులుందనీ కాదు.

నానీకి పనికొచ్చేది ఇంకొకటుంది. 1966లో ఎలియట్ ఆరన్సన్ అనే ఆయన వాళ్ళు అమెరికాలో కాలేజీ విద్యార్థులకి ఒక టేపు వినిపించారు. క్విజ్ లాంటిది. కొందరికి వినిపించిన టేపులో ఒకతను 92 శాతం ప్రశ్నలకి సరైన జవాబు చెప్తాడు, ఇంకొందరి టేపులో 30 శాతానికే. రెండింటిలోనూ కొన్ని కాపీల్లో చివర కప్పు జారి కాఫీ బట్టల మీద ఒలికిన శబ్దం, "అయ్యో నా కొత్త సూటు" అన్నట్టు మాటలు. బాగా చెప్పినవాడు కాఫీ ఒలకబోసుకుంటే వినేవాళ్ళకి వాడు ఇంకా ఎక్కువ నచ్చాడు. సరిగ్గా చెప్పలేనివాడు ఒలకబోసుకుంటే ఉన్న ఇష్టం కూడా తగ్గింది. ఒకటే కాఫీ.

నానీ మొదటి రెండు జోకులప్పుడు గదికి మీమీద నమ్మకముంది, ఇతనికి చెప్పడం వచ్చు అని. "జోకు కూడా చెప్పలేను" అనడంతో ఆ నమ్మకాన్నే తీసేశారు. వచ్చిన పని మీదే దెబ్బ వేసుకున్నారు. ఆపరేషన్‌కి ముందు డాక్టరు వచ్చి "నా చెయ్యి వణుకుతుందండోయ్" అంటే నవ్వుతామా?

సగం_ఫ్రాయిడ్

సరే, ఆ మితిమీరి అన్న మాట నేను వదిలేశాను. కానీ ఇతని విషయంలో మితిమీరిందనే కదా ముగ్గురు వచ్చి బానే ఉందా అని అడిగింది? నేను పూర్తిగా తప్పు కాదు.

క్లినిక్_పక్కన

పూర్తిగా తప్పని నేనూ అనలేదు. నానీ, ఆ ముగ్గురికి ఏం చెప్పారు?

కదిరి_నాని

"బానే ఉంది, జోకంతే" అన్నాను. నిజానికి ఆ వారం అంత బాగా లేను. ఇప్పుడు పర్లేదు. రెండు ఇంటర్వ్యూలు ఉన్నాయి.

మైకు_మావయ్య

అదే నేను అడగబోయింది. జనం నీ మాటలు కాదు, గొంతు వింటారు. జుట్టు ఊడి నాలుగైదేళ్ళయి ఉంటుంది, దాని గురించి నువ్వు లోపల ఎప్పుడో సర్దుకున్నావు. ఉద్యోగం పోయి రెండు నెలలే. మాట అదే తీరులో చెప్పినా చివర గొంతు కిందికి జారుతుంది, నవ్వు కోసం ఆగాల్సిన చోట ఆగకుండా తర్వాతి వాక్యానికి పరిగెత్తుతావు. రికార్డింగ్‌లో టీ మెసేజ్ తర్వాత ఎంతసేపు ఆగావో చూడు.

కదిరి_నాని

అసలు ఆగలేదు అన్నా. వాళ్ళ ఇకిలింపు మీదనే మాట్లాడేశాను.

పాత_పుస్తకం

బాబూ, నేను రిటైరైన తెలుగు మాస్టారిని, ఈ మైకుల సంగతి నాకు తెలియదు. కానీ గుర్తొచ్చింది చెప్తాను. మొక్కపాటి వారి బారిస్టర్ పార్వతీశం మొదటి భాగం వచ్చింది 1924లో. అది మొత్తం ఒకడు తనమీద తాను చెప్పుకున్న వెక్కిరింతే. మొగల్తూరు నుంచి ఇంగ్లండు బయల్దేరి అడుగడుగునా భంగపడటమే కథ. వందేళ్ళుగా జనం నవ్వుతున్నారు, ఒక్కరికీ జాలి పుట్టదు. ఎందుకంటే చెప్పేవాడు ఆ పార్వతీశం కాడు, అన్నీ దాటొచ్చి వెనక్కి తిరిగి చూస్తున్నవాడు. పైగా కుర్ర పార్వతీశానికి తానంటే మహా గొప్ప, తాను మొద్దునని వాడు ఎక్కడా ఒప్పుకోడు. ఆ ధీమాయే నవ్వు తెప్పిస్తుంది. నువ్వు స్టేజి మీద ముందే ఓడిపోయినట్టు నిలబడితే పడటానికి ఎత్తేదీ?

మైకు_మావయ్య

మాస్టారూ, దండం. మేం కుర్రాళ్ళకి ఈ ముక్క చెప్పడానికి అరగంట తీసుకుంటాం.

రెండోవరస

నేను ఆ షోలో ఉన్నాను. నాని గారిని గుర్తుపట్టాను, షుగర్ జోకుకి నేనూ గట్టిగానే నవ్వాను. నాకు ఇబ్బంది మొదలైంది "దేనికీ పనికిరాను" దగ్గర కాదు, అంతకుముందే. కరెంటు జోకు దగ్గర.

నేను నలుపు. ఆ జోకు నేను రెండో తరగతిలో విన్నాను, నామీదే. మా అత్తగారింట్లో కూడా విన్నాను. మీరు మీమీద వేసుకున్నారు, మీ ఇష్టం, కానీ నవ్వినవాళ్ళు మిమ్మల్ని చూసి ఊరుకోలేదు, మా టేబుల్‌లో ఒకతను నవ్వుతూ అప్రయత్నంగా నావైపు చూశాడు. చూసి కళ్ళు తిప్పుకున్నాడు. అతను మంచివాడే, నా కొలీగ్. ఆ తర్వాత మీరు చెప్పినవన్నీ నాకు సగమే వినపడ్డాయి.

హన్నా గాడ్స్‌బీ అని టాస్మేనియా కమెడియన్, 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన నానెట్‌లో ఇదే అంటుంది. అసలే చిన్నచూపు చూడబడేవాళ్ళు తమను తాము వెక్కిరించుకుంటే అది వినయం కాదు, అవమానం అని. అలా ఇక చెయ్యనని స్టేజి మీదే చెప్పేస్తుంది.

కదిరి_నాని

అక్కా, సారీ. నిజంగా ఆ కోణం తట్టలేదు. నా రంగు నా సొంత విషయం అనుకున్నాను.

మైకు_మావయ్య

రెండోవరస గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను, సగం దాకా. ఆ కరెంటు జోకు ముందు పాతది, ఎవరిదో తెచ్చి నీమీద పెట్టుకున్నావు నానీ. షుగర్ జోకు ఆ తాతగారితో నీకే జరిగింది, ఇంకెవరికీ తగిలించలేం. కరెంటు జోకు నల్లగా ఉన్న ప్రతివాళ్ళకీ సరిపోతుంది. సొంత సంగతి చెప్తే దెబ్బ నీకే తగులుతుంది, రెడీమేడ్ తిట్టు చెప్తే అది గదంతా తిరిగి నీలాంటివాళ్ళందరికీ తగులుతుంది.

కానీ గాడ్స్‌బీ మాట మొత్తం తీసుకుంటే, నలుపు మీద నలుపు మనిషి అసలు మాట్లాడకూడదా? నా షోల్లో ఒకమ్మాయి ఫెయిర్‌నెస్ క్రీమ్ గిఫ్ట్ ఇచ్చిన పెద్దమ్మ మీద నాలుగు నిమిషాలు చేస్తుంది. గది ఊగిపోతుంది.

రెండోవరస

అది పెద్దమ్మ మీద జోకు కదండీ. మీరే చెప్తున్నారు. నేనంటున్నది ఆ అమ్మాయి మీద జోకు గురించి.

మైకు_మావయ్య

కొన్ని లైన్లు ఆ అమ్మాయి మీదే ఉంటాయి. అవి తీసేస్తే పెద్దమ్మ జోకు నిలబడదు. ఇది మనిద్దరికీ తెగదులెండి.

ఆగి_చెప్తా

నాకు నత్తి. మొదట్లో ఎక్కడ మాట్లాడాలన్నా "సారీ, నాకు నత్తి, మీకు కొంచెం విసుగ్గా ఉంటుంది" అనేవాణ్ణి. వెంటనే జనం మొహాలు జాలిగా అయిపోయేవి, నా వాక్యాలు వాళ్ళే పూర్తిచేసేవాళ్ళు. ఇప్పుడు "నాకు నత్తి ఉంది, లంచ్ టైముకి మాత్రం వదిలేస్తాను" అంటాను. నవ్వుతారు, తర్వాత నత్తి వచ్చినా ఎవరూ కదలరు. విషయం ఒకటే, సారీ తీసేశానంతే. ఒకసారి చెప్తాను, ఒక్కసారే. రెండోసారి అదే జోకు వేస్తే మళ్ళీ నా నోటివైపు చూడటం మొదలుపెడతారు.

లక్ష్మి_న్యూజెర్సీ

ఇప్పుడు అర్థమైంది నానీ, నువ్వు కావాలనే చేస్తున్నావన్నమాట. మా ఆడపడుచు ఒకామె ఉంది, వచ్చినప్పుడల్లా "నా వంట ఏం బావుంటుందిలెండి, నోట్లో పెట్టుకోలేరు" అంటుంది. పదిమంది "అయ్యో లేదండీ, బ్రహ్మాండం" అనాలి. అనకపోతే మొహం ముడుచుకుంటుంది. గుత్తివంకాయ మాత్రం నిజంగా బాగా చేస్తుంది. మొన్న మా ఆయన అలసిపోయి ఉండి "ఆ, ఉప్పెక్కువైంది" అనేశారు, రెండు నెలలు మాటల్లేవు.

మైకు_మావయ్య

లక్ష్మిగారూ, మీ ఆయనకి నా షోలో ఒక స్లాటు.

పొలంగట్టు

అందరూ సైకాలజీ మాట్లాడుతున్నారు గానీ బోరు జోకుని ఎవరూ పట్టించుకోవడం లేదు. మాది ముదిగుబ్బ పక్కన. మా నాయన నాలుగు బోర్లు వేయించాడు, చివరిది ఆరొందల అడుగులు, దుమ్ము తప్ప ఏం రాలేదు. కాబట్టి ఈ జోకు మీద నాకు హక్కుంది 😀

నానీ, నువ్వు ఆ చూపు దగ్గరే ఆపేశావు. అక్కడ ఆపితే ఏడుపే. బోరు ఎండిన రైతు ఊరికే చూస్తూ కూర్చోడు, అప్పు తెచ్చి ఇంకో వంద అడుగులు దింపుతాడు. అక్కడికి పో. "ఇంకో వంద అడుగులు దింపుదాం నాన్నా అన్నాను. అదే నా ఎంబీఏ." తర్వాత నీళ్ళు చూసేవాడు కొబ్బరికాయ అరచేతిలో పడుకోబెట్టుకొని పొలంలో తిరుగుతాడు కదా, నీళ్ళున్నచోట అది నిలబడుతుందంటారు. "మొన్న పొద్దున కళ్ళు తెరిస్తే మా నాన్న చేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నా మంచం చుట్టూ తిరుగుతున్నాడు."

కదిరి_నాని

అన్నోయ్ 😭😂 ఇది నేను వాడుకోవచ్చా?

పొలంగట్టు

వాడుకో. నీళ్ళు పడితే సగం నాకు.

మైకు_మావయ్య

పొలంగట్టు ఎక్కడున్నాడయ్యా ఇన్నాళ్ళు. నానీ, ఇక్కడ ఏం జరిగిందో గమనించు. పనికిరానివాడివి ఇప్పటికీ నువ్వే, ఆ మాట మెత్తబడలేదు. కానీ చివరికి కళ్ళముందు కనపడేది నువ్వు కాదు, కొబ్బరికాయతో మంచం చుట్టూ తిరుగుతున్న మీ నాన్న. ఆయన ఇంకా ఆశ వదల్లేదు. ఓదార్చే పని జనానికి మిగల్లేదు, ఆ పని ఆయనే చేస్తున్నాడు. ఒక్క ఇబ్బంది, హైదరాబాద్ గదిలో సగం మందికి కొబ్బరికాయతో నీళ్ళు చూడటం తెలియదు. జోకుకి ముందే ఎక్కడో అర వాక్యంలో చెప్పెయ్యి, జోకు మధ్యలో పాఠం చెప్పకు.

వచ్చే బుధవారం స్లాటు ఇస్తాను. రంగు జోకు తీసెయ్. "పనికిరాను", "జోకు చెప్పలేను" తీసెయ్. ఉద్యోగం జోకు నీ ఇష్టం, పెడితే మాత్రం ఆగు, లోపల రెండు అంకెలు లెక్కపెట్టు. నామట్టుకు నేను కొత్తవాళ్ళకి చెప్పేది, నీమీద వరసగా రెండు వేసుకున్నాక మూడోది ఇంకెవరి మీదకైనా తిప్పు, బస్సు కండక్టరు మీదైనా సరే. ఇది శాస్త్రం కాదు, నా అలవాటు.

కదిరి_నాని

నిన్న చేశాను. నివేదిక.

జుట్టు 4 సెకన్లు, షుగర్ 6. వాటి తర్వాత అమీర్‌పేట హాస్టల్ ఓనరు మీద ఒకటి పెట్టాను, అది మామూలుగా పోయింది. బోరుకి ముందు "మా ఊళ్ళో జియాలజిస్టు ఉండడు, కొబ్బరికాయే జియాలజిస్టు" అని ఒక్క లైను చెప్పాను, దానికే చిన్న నవ్వొచ్చింది. బోరు చూపుకి నవ్వు కాదు, ఒక "ఓ..." లాంటిది వచ్చింది, నా గుండె జారింది, మళ్ళీ అయ్యో మొదలైందనుకున్నా. అయినా ఆగాను. ఎంబీఏకి నవ్వారు. కొబ్బరికాయకి 9 సెకన్లు! ముందు వరసలో ఒకాయన కుర్చీలోంచి వెనక్కి వాలిపోయాడు.

ఉద్యోగం జోకు మళ్ళీ చచ్చింది. ఆగాను, లెక్కపెట్టాను, గొంతు కూడా బానే ఉంది. 1 సెకను. తర్వాత తెలిసింది, మూడో టేబుల్‌లో నలుగురు ఒకే కంపెనీ, ఆ సోమవారమే తీసేశారంట.

మైకు_మావయ్య

నేను గేటు దగ్గర ఉన్నా, చూశాను వాళ్ళ మొహాలు. దానికి మందు నా దగ్గర లేదు. ఒక్కోసారి అలాంటి టేబుల్ వాళ్ళే అందరికంటే గట్టిగా నవ్వుతారు, ఒక్కోసారి లేచి వెళ్ళిపోతారు. ముందే తెలుసుకునే దారి నాకింకా దొరకలేదు.

సగం_ఫ్రాయిడ్

నేనైతే ఆ జోకు తీసెయ్యమంటాను. వాళ్ళకి కాదు, నానీ కోసం.

క్లినిక్_పక్కన

ఉద్యోగం వచ్చాక మళ్ళీ చెప్పి చూడండి నానీ. అదే మాటలు, అదే ఆగడం. నాకు కుతూహలంగా ఉంది.

రెండోవరస

నిన్న నేను రాలేదు. కొబ్బరికాయ జోకు వీడియో ఉంటే పెట్టండి.

కదిరి_నాని

పెడతాను అక్కా. ముందు నాన్నకి చూపించాలి, ఆయనకి ఇంకా తెలియదు.

లక్ష్మి_న్యూజెర్సీ

అదంతా సరే నానీ, ఆ షుగర్ అడిగిన తాతగారి సంబంధం ఏమైంది?